గరిటె పెట్టారా, చేప ముక్క పోయినట్టే: వంట రీల్‌కి మొదటి మూడు సెకన్ల మాట, కింద రాసే క్యాప్షన్

నెల్లూరు చేపల పులుసు మీద ఒక నిమిషం లోపు రీల్ చేయాలని కూర్చున్న రోజు నేను రాసుకున్న మొదటి వాక్యం ఇది: "హాయ్ అండీ, ఈరోజు మనం నెల్లూరు స్టైల్‌లో చేపల పులుసు ఎలా చేసుకోవాలో చూద్దాం." ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చదివి చూశాను. మూడు సెకన్లు అయ్యేసరికి నేనింకా "నెల్లూరు స్టైల్‌లో" దగ్గరే ఉన్నాను. పులుసు పేరు కూడా రాలేదు. బొటనవేలు తెర మీద పెట్టుకుని కూర్చున్న మనిషి ఆపాటికి ఇంకో రెండు రీల్స్ దాటేసి ఉంటాడు.

ఆ ఒక్క రీల్‌నే తీసుకుని, మొదటి మాట ఎలా దొరికింది, దాన్ని ఎలా చెక్కాం, మొదటి ఫ్రేమ్‌లో ఏం పెట్టాం, క్యాప్షన్ ఎలా రాశాం అన్నది వరసగా చెబుతాను. మీరు చేసేది పెసరట్టయినా పులిహోరయినా దారి ఇదే.

ముందు వంటింట్లో నిలబడి వినండి

హుక్, అంటే చూసేవాళ్లను ఆపే ఆ మొదటి మాట, రాయడానికి కాగితం ముందు కూర్చుంటే అందరికీ తట్టే మాటలే మనకూ తడతాయి. "ఈ సీక్రెట్ ఎవరూ చెప్పరు", "ఒక్కసారి ఇలా చేసి చూడండి", "చివరి వరకూ చూడండి". వీటిలో వంట లేదు. ఏ కూరకైనా అతుకుతాయి కాబట్టి ఏ కూరనూ చూపించవు.

నేను మా పెద్దమ్మ పొయ్యి దగ్గర నిలబడ్డాను. మట్టి దాకలో పులుసు కుతకుతలాడుతోంది. చేప ముక్కలు వేసి అయిదు నిమిషాలైంది. అడుగంటుతుందేమోనని నేను గరిటె తీసుకుని లోపల పెట్టబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"గరిటె తియ్యరా! పెట్టావా, ముక్క పోయినట్టే."

"మరి కలిపేదెట్లా పెద్దమ్మా?"

"కలపడమేంది. ఇట్టా తిప్పాల." రెండు గుడ్డలు తీసుకుని దాకను రెండు వైపులా అంచుల దగ్గర పట్టుకుని మెల్లగా గుండ్రంగా కదిపింది. పులుసు తిరిగింది, ముక్కలు ఉన్నచోటే చిన్నగా ఊగాయి, ఒక్కటీ విరగలేదు.

హుక్ అక్కడే ఉంది. వండే మనిషి ఎక్కడ గొంతు పెంచుతుందో, ఎక్కడ చెయ్యి అడ్డం పెడుతుందో, ఆ వంటకంలో ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. తప్పు జరిగే చోటు చూపిస్తే, ఇంట్లో అదే తప్పు చేసి బాధపడినవాళ్లు ఆగి చూస్తారు. అందుకని షూటింగ్‌కి ముందు ఒకసారి మామూలుగా వండించండి. వండుతున్నంతసేపూ ఫోన్‌లో ఆడియో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టండి. "వద్దు", "ఆగు", "అప్పుడే కాదు", "మంట తగ్గించు" అన్న మాటలు ఎక్కడ వచ్చాయో తరవాత విని రాసుకోండి. చేపల పులుసుకి నాకు అలాంటివి మూడు దొరికాయి. గరిటె పెట్టొద్దన్నది ఒకటి. పులుసు మరిగి నూనె తేలాకే ముక్కలు వేయాలన్నది రెండోది. దించిన వెంటనే తినకుండా కొన్ని గంటలు ఆగాలన్నది మూడోది.

మూడూ ఒకే రీల్‌లో ఇరికించాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. కంటికి కనబడేదాన్ని ఎంచుకోండి. పులుసు ఊరితే రుచి పెరుగుతుందన్నది నిజమే కానీ దాన్ని కెమెరాలో చూపించలేం. గరిటె, విరిగిన ముక్క కనబడతాయి. మిగిలిన రెండూ వీడియో మధ్యలోకీ క్యాప్షన్‌లోకీ వెళ్లాయి.

తెలుగు వాక్యంతో ఉన్న అసలు ఇబ్బంది

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మన హుక్స్ ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. అసలు సంగతి ఏమిటన్నది వాక్యం పూర్తయ్యాక గానీ తెలియదు. మామూలు మాటల్లో అది ఇబ్బంది కాదు, ఎదుటి మనిషి వింటూ ఉంటాడు. రీల్‌లో మాత్రం ఆ చివరి మాట వచ్చేలోపే మనిషి వెళ్లిపోతాడు.

నా రెండో ప్రయత్నం చూడండి: "చేపల పులుసులో ముక్కలు విరిగిపోకుండా ఉండాలంటే ఏం చేయాలో తెలుసా?" చదవడానికి బాగానే ఉంది. అక్షరాలు లెక్కపెట్టండి, వత్తులున్న అక్షరం కూడా ఒకటే అనుకుని. ఇరవై ఏడు. నేను మాట్లాడే వేగంలో సెకనుకు సుమారు ఆరు అక్షరాలు పలుకుతాయి, అంటే మూడు సెకన్లకు పద్దెనిమిది. పద్దెనిమిదో అక్షరం దగ్గర గీత గీస్తే "ఉండా" దగ్గర పడింది. "లంటే ఏం చేయాలో తెలుసా" అన్నదంతా గీత అవతలే ఉండిపోయింది. పైగా వాక్యం మొత్తం విన్నా కొత్త సంగతి ఒక్కటీ తెలియలేదు. ప్రశ్న వేసి ఊరుకున్నాను.

మీ వేగం ఎంతో మీరే కొలుచుకోండి. మామూలుగా మాట్లాడినట్టు ఒక పేరా పది సెకన్లు చదివి, అక్షరాలు లెక్కపెట్టి పదితో భాగించండి. వచ్చిన సంఖ్యను మూడుతో గుణిస్తే మీ హద్దు తెలుస్తుంది. ఆ హద్దులో పట్టించడానికి గబగబా చదవొద్దు. పరిగెత్తే గొంతు వినగానే ఏదో అమ్ముతున్నారనిపిస్తుంది.

మూడోసారి పెద్దమ్మ అన్న మాటనే తీసుకున్నాను. చూసేవాళ్లకు తగ్గట్టు "పెట్టావా"ని "పెట్టారా" చేశాను: "గరిటె పెట్టారా, చేప ముక్క పోయినట్టే." పద్నాలుగు అక్షరాలు. రెండున్నర సెకన్ల లోపే అయిపోతుంది. మొదటి మాట గరిటె, తెర మీద కనబడేదీ గరిటే. ఏం పోతుందో కూడా చెప్పేశాం. ఎలా కాపాడుకోవాలో మాత్రం చెప్పలేదు, దానికోసమే మనిషి ఉంటాడు.

ఈ మాటల కట్టును గమనించండి. "గరిటె పెట్టినట్లయితే చేప ముక్కలు విరిగిపోతాయి" అన్నా అర్థం అదే. కానీ "పెట్టినట్లయితే" అన్నప్పుడు పాఠం చదువుతున్నట్టుంటుంది. "పెట్టారా... పోయినట్టే" మన ఇళ్లలో అనే మాట. షరతుని ప్రశ్నలా విరిచి, ఫలితాన్ని వెంటనే పెట్టడం తెలుగులో ఎప్పటినుంచో ఉన్న వాడుక. క్రియ చివర్లో వచ్చే ఇబ్బంది దీనితో తీరుతుంది, ఎందుకంటే వాక్యం రెండు ముక్కలై, క్రియ రెండో మాటకే వచ్చేస్తుంది. ఇంకో వంటకానికి ఇదే పద్ధతి: "పులిహోర ముద్దయిందా? తప్పు అన్నంది, పులుసుది కాదు." ఆ రీల్‌లో తరవాత కనబడాల్సింది, అన్నం పళ్లెంలో ఆరబోసి, నూనె, పసుపు కలిపి పొడిపొడిగా చల్లారనివ్వడం.

రాసిన వాక్యానికి చివరిగా ఒక పరీక్ష పెట్టండి. వాక్యంలో వంటకం పేరు తీసేసి ఇంకో వంటకం పేరు పెట్టండి. "ఇలా చేస్తే ____ అదిరిపోతుంది"లో బిర్యానీ పెట్టినా సున్నుండలు పెట్టినా సరిపోతుంది, కాబట్టి అది పనికిరాదు. "గరిటె పెట్టారా, ____ పోయినట్టే"లో పప్పు పెడితే అబద్ధమవుతుంది. అబద్ధమయ్యే వాక్యమే కావాలి మనకి.

మొదటి ఫ్రేమ్, గొంతు, తెర మీద అక్షరాలు

మూడు సెకన్లలో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. బొమ్మ కనబడుతుంది, మాట వినబడుతుంది, అక్షరాలు చదవబడతాయి. మూడూ ఒకటే చెబితే రెండు దండగ. మూడూ వేరువేరు చెబితే ఏదీ బుర్రకెక్కదు.

బొమ్మతో మొదలుపెట్టండి. ఖాళీ దాక, కడిగిన చేప ముక్కలు, నవ్వుతూ మీ ముఖం, ఇవేవీ మొదటి ఫ్రేమ్‌లో వద్దు. మా రీల్ మొదటి ఫ్రేమ్‌లో ఎర్రగా మరుగుతున్న పులుసు, అందులోకి దిగబోతున్న గరిటె, సగం దారిలో. కదలిక అప్పటికే మొదలై ఉండాలి. గరిటె కోసం చెయ్యి వెళ్లడం, దాన్ని అందుకోవడం అంతా కత్తిరించేయండి. రెండో సెకనులో ఇంకో చెయ్యి వచ్చి గరిటెను లాగేస్తుంది. పెద్దమ్మ నిజంగా చేసిందీ అదే.

ఈ షాట్ వంట మధ్యలో కుదరదు. ఆవిరి లెన్స్ మీద పట్టి అంతా మసక అవుతుంది, పైగా ముక్కలు నిజంగానే విరుగుతాయి. మంట సిమ్‌లో పెట్టి, ఫోన్‌ను దాక నిలువునా పైన కాకుండా పక్కనుంచి కాస్త వాలుగా పట్టుకుని, రెండు మూడు సార్లు తీసుకోండి. తీసే ముందు ప్రతిసారీ లెన్స్ తుడవండి. కిటికీ వెలుతురు పులుసు మీద పడి మెరిసేలా ఉంటే లైట్లు అక్కర్లేదు. మేము మొదటిసారి ట్యూబ్‌లైట్ కింద తీశాం. పులుసు ఎరుపు పోయి మట్టి రంగులో కనబడింది, మళ్లీ తీయాల్సి వచ్చింది.

మాట కన్నా ముందు పావు సెకను పాటు పులుసు ఉడికే చప్పుడు వదిలేయండి. ఆ చప్పుడు మీద పాట పెట్టకండి. తరవాత మాట రావాలి.

తెర మీద అక్షరాలు సౌండ్ ఆపేసి చూసేవాళ్ల కోసం. బస్సులో, ఆఫీసులో, నిద్రపోతున్న పిల్లల పక్కన చూసేవాళ్లు చాలామంది అలాగే చూస్తారు. కాబట్టి సౌండ్ లేకపోయినా విషయం తెలియాలి. మేము పెట్టింది రెండే మాటలు: "గరిటె వద్దు". గరిటె కింద పులుసు కనబడుతూనే ఉంది కాబట్టి "చేపల పులుసులో" అని రాయాల్సిన పని లేదు. అనుమానంగా ఉంటే వీడియోను మ్యూట్‌లో పెట్టి, వంట రాని మనిషికి మూడు సెకన్లు చూపించి, "ఏమర్థమైంది?" అని అడగండి. మా తమ్ముడు "గరిటె పెడితే ఏదో పాడవుతుంది" అన్నాడు. అంతే చాలు.

తెలుగు అక్షరాలకు రెండు జాగ్రత్తలు కావాలి. ఎడిటింగ్ యాప్‌లలో కొన్ని ఫాంట్లు వత్తుల్ని విడగొట్టేస్తాయి. "పెట్టొద్దు" అని టైప్ చేస్తే ట వత్తు పక్కకు జారి, చదివేవాడు తడబడతాడు. ఇంకొన్నిటిలో అక్షరం చుట్టూ దళసరి అంచు పెడితే వత్తుల మధ్య ఖాళీలు పూడిపోయి నల్లటి ముద్ద మిగులుతుంది. అందుకే వత్తులు తక్కువున్న మాటలు చూసుకోండి. "పెట్టొద్దు" బదులు "వద్దు" తీసుకోవడానికి అదీ ఒక కారణం. రెండు వరసలు రాస్తే పై వరస వత్తులు కింది వరస తలకట్లకు తగలకుండా ఎడం పెంచండి.

అక్షరాల చోటు తెర పైభాగానికీ మధ్యకూ నడుమ. రీల్ అడుగున మీ పేరు, క్యాప్షన్ వస్తాయి. కుడి పక్కన లైక్, షేర్ గుర్తులు ఉంటాయి. అక్కడ రాస్తే సగం మాట మాయమవుతుంది. ఎడిటింగ్‌లో బాగానే కనబడి, పోస్ట్ చేశాక కప్పుకుపోయే తప్పు ఇది. వీడియోలో కలిపేసిన అక్షరాల్ని పోస్ట్ చేశాక మార్చలేం కూడా. క్యాప్షన్ అయితే ఎప్పుడైనా దిద్దుకోవచ్చు.

నాలుగో సెకను నుంచి

ఇది పొడుగ్గా చెప్పాల్సింది కాదు. హుక్‌లో ఇచ్చిన మాటకు జవాబు ఎప్పుడు చూపించాలన్నదే ప్రశ్న. దాక తిప్పడం నాలుగో సెకనులోనే చూపిస్తే మిగతాది చూడాల్సిన పని ఉండదు. ఆఖరు దాకా దాచిపెడితే మోసం చేశారనిపిస్తుంది. మేము నలభై సెకన్ల రీల్‌లో ఇరవై అయిదో సెకను దగ్గర పెట్టాం. అంతకుముందు పోపు, ఉల్లిపాయ, చింతపండు పులుసు, నూనె తేలడం, ముక్కలు జారవిడవడం ఒక్కొక్కటీ మూడు నాలుగు సెకన్లలో వెళ్లిపోయాయి. చివరి షాట్‌లో అన్నం మీద విరగని ముక్క ఒకటి. గరిటె చెడ్డదని చెప్పి, వడ్డించేటప్పుడు అదే గరిటెతో ముక్కను పొడిస్తే చూసేవాళ్లు వెంటనే పట్టేస్తారు. వెడల్పాటి అట్లకాడతో కిందనుంచి ఎత్తి పెట్టండి.

క్యాప్షన్‌కి వేరే పని ఉంది

చాలామంది హుక్‌నే మళ్లీ క్యాప్షన్ మొదటి వరసలో రాస్తారు. చూసి విన్న మాట మూడోసారి చదవడానికి ఎవరూ వేలు కదపరు. వీడియో ఆపుతుంది, క్యాప్షన్ దాచుకునేలా చేస్తుంది. వీడియోలో పట్టనిది, అంటే కొలతలు, సమయాలు, ప్రత్యామ్నాయాలు క్యాప్షన్‌లో ఉండాలి.

రీల్ కింద క్యాప్షన్ మొదటి కొన్ని మాటలే కనబడతాయి, మిగతాది తాకితేనే తెరుచుకుంటుంది. కాబట్టి తాకితే ఏం దొరుకుతుందో ఆ కొన్ని మాటల్లోనే చెప్పేయాలి. "ఆదివారం అంటే చేపల పులుసు ఉండాల్సిందే కదా ఫ్రెండ్స్" అని మొదలుపెడితే లోపల కొలతలున్నాయని ఎవరికీ తెలియదు.

మేము పెట్టిన క్యాప్షన్ ఇది:

> అరకిలో చేపకు కొలతలు ఇవీ: నెల్లూరు చేపల పులుసు
>
> చేప ముక్కలు 500 గ్రాములు (బొచ్చె, కొర్రమీను, వంజరం ఏదైనా)
> చింతపండు నిమ్మకాయంత, 40 గ్రాములు. 400 మి.లీ. నీళ్లలో నానబెట్టి పిండాలి
> ఉల్లిపాయలు 2, పచ్చిమిర్చి 4, కరివేపాకు 2 రెబ్బలు
> కారం 2 టీస్పూన్లు, ఉప్పు 1½, ధనియాల పొడి 1, పసుపు ½, మెంతిపొడి ¼
> నూనె 4 టేబుల్‌స్పూన్లు, పుల్లమామిడి ముక్కలు 4 (వేస్తే చింతపండు 30 గ్రాములు చాలు)
>
> ముక్కలు వేయకముందు పులుసు 10–12 నిమిషాలు మరగాలి, పైన నూనె తేలాలి. ముక్కలు వేశాక సన్న మంట మీద 10 నిమిషాలు. గరిటె వద్దు, దాక తిప్పండి. దించాక కనీసం 3 గంటలు ఆగితే ముక్కకు పులుపు పడుతుంది.
>
> మీ ఇంట్లో మామిడికాయ వేస్తారా, చింతపండు ఒక్కటేనా?
>
> nellore chepala pulusu

మొదటి వరసలో "అరకిలో" ముందుకొచ్చింది, వంటకం పేరు తరవాతకి పోయింది. వంటకం ఏదో వీడియో చెప్పేసింది. కొలతలున్నాయన్నది కొత్త సంగతి.

చివరన ఇంగ్లీషు అక్షరాల్లో పేరు ఎందుకంటే, తెలుగు చదవగలిగిన చాలామంది వెతికేటప్పుడు టైప్ చేసేది అలాగే. అమెరికాలో, బెంగళూరులో పెరిగిన మన పిల్లలు మాట్లాడేది తెలుగు, టైప్ చేసేది ఆ అక్షరాలు. పేరు ఒక్కటి రాస్తే చాలు. క్యాప్షన్ మొత్తం అలా రాస్తే చదవడం కష్టమవుతుంది. హ్యాష్‌ట్యాగ్‌లు మూడు నాలుగు చాలు, అవి కూడా ఈ వంటకానికి సంబంధించినవే.

"రుచికి తగినంత ఉప్పు", "సరిపడా చింతపండు" అని రాయకండి. వండడం వచ్చినవాళ్లకు క్యాప్షన్ అక్కర్లేదు. రానివాళ్లకు సరిపడా అంటే ఎంతో తెలియదు. గ్లాసు అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు, కాబట్టి మిల్లీలీటర్లలో చెప్పండి. మన చెయ్యి కొలతలూ వదలకండి. "నిమ్మకాయంత" అన్నది గ్రాముల కన్నా త్వరగా అర్థమవుతుంది, అందుకే రెండూ రాశాం.

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కి 2,200 క్యారెక్టర్ల హద్దుంది. తెలుగులో గుణింతపు గుర్తులూ వత్తులూ కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి మనకు కనబడేదాని కన్నా త్వరగా నిండిపోతుంది. పైన ఉన్నంత రాస్తే ఏ ఇబ్బందీ లేదు. పులుసు చరిత్ర కూడా రాయబోతే కొలతలు మధ్యలో తెగుతాయి.

ఆఖరి ప్రశ్న సంగతి. "కామెంట్ చేయండి" అంటే ఎవరూ చేయరు. చేపల పులుసులో మామిడికాయ మీద మాత్రం నెల్లూరు వాళ్లకు గట్టి అభిప్రాయాలుంటాయి. గోదావరి వైపు వాళ్లు ఇంకో మాట అంటారు. ఒక్క మాటలో జవాబు చెప్పగలిగి, నిజంగా ఇంటింటికీ తేడా ఉండే ప్రశ్న అడగండి.

పోస్ట్ చేశాక ఎక్కడ చూడాలి

రీల్ ఇన్‌సైట్స్‌లో ఎంతమంది ఎంతవరకు చూశారో చూపించే గీత ఒకటుంటుంది. మొదట్లో ఆ గీత కాస్త పడడం మామూలే, అందరి రీల్స్‌లోనూ పడుతుంది. ఎక్కడ నిట్టనిలువుగా పడిందో చూడండి. మొదటి సెకనులోనే పడితే మాట వినకుండానే వెళ్లిపోయారు, తప్పు మొదటి ఫ్రేమ్‌ది. రెండు నుంచి నాలుగు సెకన్ల మధ్య పడితే బొమ్మ ఆపింది కానీ మాట పట్టుకోలేదు. దాక తిప్పే చోటు దాటాక పడితే అది తప్పు కాదు, కావలసింది దొరికి వెళ్లారు. అక్కడినుంచి చివరి దాకా ఉన్న సెకన్లు తగ్గించుకోవచ్చు. పోల్చేటప్పుడు మీ పాత రీల్స్‌తోనే పోల్చండి, ఇంకొకరి వ్యూస్‌తో కాదు.

చూసినవాళ్లు ఎక్కువ, సేవ్ చేసుకున్నవాళ్లు తక్కువ అయితే ముందు క్యాప్షన్‌ని అనుమానించండి. దాన్ని కనిపెట్టడానికి కామెంట్లు చదవడం కన్నా మంచి పద్ధతి నాకు దొరకలేదు. ఒకే ప్రశ్న ముగ్గురు అడిగారంటే అది క్యాప్షన్‌లో లేదన్నమాట. మా రీల్ కింద విదేశాల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగింది, మాకు ఇక్కడ దొరికేది టిలాపియా, దాంతో చేయొచ్చా అని. ఇంకొందరు మట్టి దాక లేదు, నాన్‌స్టిక్ కడాయి తిప్పొచ్చా అని అడిగారు. పెద్దమ్మను అడిగితే "మెత్తని చేపయితే అయిదారు నిమిషాలకే దించెయ్యమను, గిన్నె ఏదైతేనేం, వెడల్పుగా ఉండాల, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకూడదు" అంది. ఆ రెండు సంగతులూ అదే సాయంత్రం క్యాప్షన్‌లో, మంట గురించి రాసిన వరస కింద చేర్చాను.